ఎడిటరు కంటికి ఆననివి



వీడియో ఎడిట్ చేసే మనిషికి ఒక ఇబ్బంది ఉంది. చేతిలో ఉన్న దృశ్యాన్ని అప్పటికే పదే పదే చూసి ఉంటాడు. అందులో ఎవరు ఏ మాట అంటారో కంఠతా వచ్చేసి ఉంటుంది. ఎదురుగా పెద్ద మానిటరు, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు, గదిలో అదుపులో ఉన్న వెలుతురు. తెర మీద అక్షరాలు రెప్పపాటులో వచ్చి పోయినా అతనికి చదివినట్టే అనిపిస్తుంది. నిజానికి అతను చదవడం లేదు, గుర్తుచేసుకుంటున్నాడు. అదే వీడియోను బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎండ పడుతున్న ఫోనులో, శబ్దం ఆపేసి చూసే మనిషి పరిస్థితి వేరు. అసలు వినికిడే లేని మనిషి పరిస్థితి మరీ వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. చూపు లోపం ఉన్నవారూ దాదాపు అంతేమంది. అందుకే ఈ పనిలో ఆరితేరినవాళ్లు తమ కంటిని నమ్ముకోరు, కొలతల్ని నమ్ముకుంటారు. ఆ కొలతలు ఎలాంటివో, ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ తెలుగుకు సరిపోవో ఒక వీడియోను పట్టుకుని చూద్దాం.

మంగళగిరిలో గుంటమగ్గం మీద నేసే ఒక నేతకారుడి గురించి నాలుగు నిమిషాల వీడియో తయారవుతోందనుకుందాం. మగ్గం ముందు కూర్చుని ఆయన మాట్లాడుతుంటాడు. వెనక తెల్లటి నూలు పడుగు పరుచుకుని ఉంటుంది. మొదట్లో సంగీతానికి తగ్గట్టు నాడె, అచ్చు, నిజాం అంచు చకచకా మెరిసే పరిచయ దృశ్యం ఉంటుంది. ఇలాంటివి యూట్యూబులో రోజూ కనిపిస్తూనే ఉంటాయి.

ముందు మాటల సంగతి. నేతకారుడు ఒక చోట ఇలా అంటాడు: "గంజి పట్టిన పడుగుని పాత పోగులకి అతకాలంటే నేనూ మా ఆవిడా పొద్దంతా కూర్చోవాలయ్యా, ఒక్క పోగు తప్పినా చీర మొత్తం ఆ గీత కనపడతది." ఇదంతా ఆయన ఆరు సెకన్లలో అనేస్తాడు. దీన్ని ఒకే క్యాప్షనుగా వేస్తే తెర అడుగున మూడు నాలుగు వరసల దిమ్మె తయారవుతుంది. చూసేవాడు దాన్ని చదువుతూ ఉంటే నేతకారుడి చేతులు చూడలేడు, చేతులు చూస్తే చదవలేడు. కాబట్టి అర్థం విరిగే చోట దాన్ని రెండు చేయాలి. "పొద్దంతా కూర్చోవాలయ్యా" దగ్గర మొదటిది ముగుస్తుంది. "ఒక్క పోగు తప్పినా" దగ్గర రెండోది మొదలవుతుంది. మొదటి క్యాప్షను రెండు వరసలు: "గంజి పట్టిన పడుగుని పాత పోగులకి అతకాలంటే" ఒక వరస, "నేనూ మా ఆవిడా పొద్దంతా కూర్చోవాలయ్యా" రెండో వరస. సాఫ్ట్‌వేరుకు వదిలేస్తే అది చోటు చూసి విరుస్తుంది తప్ప మాట చూసి విరవదు. "నేనూ మా" అని పై వరసలో ఆపి, "ఆవిడా" అని కింద మొదలుపెడుతుంది. చదివే కన్ను అక్కడ తడబడి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

ఇక ఎంతసేపు ఉంచాలి? ఇంగ్లీషుకు దీనికి స్థిరపడ్డ లెక్కలున్నాయి. బీబీసీ తన సబ్‌టైటిళ్లకు నిమిషానికి 160 నుంచి 180 మాటల వేగం చెబుతుంది. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషు నియమాల్లో వరసకు 42 అక్షరాలు, ఒక క్యాప్షనుకు ఎక్కువలో ఎక్కువ ఏడు సెకన్లు. ఈ లెక్కలను తెలుగుకు ఉన్నవి ఉన్నట్టు తెచ్చి పెట్టుకుంటే పప్పులో కాలేసినట్టే. "చేయించుకోవాలనుకుంటున్నాడు" మనకు ఒక్క మాట. మాటలు లెక్కపెట్టి వేగం తేల్చడం ఇక్కడ కుదరదు. పోనీ అక్షరాలు లెక్కపెడదామంటే సాఫ్ట్‌వేరు లెక్క వేరు, మన లెక్క వేరు. "స్త్రీ" అన్నది మనకు ఒకే అక్షరం. కంప్యూటరు దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు గుర్తులుగా దాచుకుంటుంది. అలా లెక్కపెట్టే సాఫ్ట్‌వేరు ఒత్తులు ఎక్కువున్న వాక్యాన్ని అన్యాయంగా పొడుగని ఎర్రగీత గీస్తుంది, తేలిక అక్షరాల వాక్యాన్ని వదిలేస్తుంది.

తెలుగులో నమ్మదగ్గ పరీక్ష ఒకటే. ఆ వీడియోను అంతకుముందు చూడని మనిషి చేత క్యాప్షనును పైకి, తాపీగా చదివించాలి. చదవడం పూర్తయ్యేదాకా అది తెర మీద ఉండాలి. చదవడం బాగా అలవాటున్నవాళ్లు పైకి చదివే దానికన్నా మనసులో వేగంగా చదువుతారు కాబట్టి, ఈ కొలత నెమ్మదిగా చదివేవాళ్లకూ కొంత ఊపిరి ఇస్తుంది. మన నేతకారుడి మాటకు ఈ పరీక్ష పెడితే మొదటి భాగానికి నాలుగు సెకన్లు, రెండోదానికి రెండున్నర పట్టాయనుకుందాం. ఆయన మాట్లాడింది ఆరు సెకన్లే. ఆ అర సెకను ఎక్కడినుంచి వస్తుంది? మాట అయ్యాక ఆయన తల దించి పోగులు చూసుకునే క్షణం ఉంటుంది కదా, రెండో క్యాప్షను తోకను అక్కడిదాకా లాగితే సరి. అలాంటి ఖాళీ కూడా దొరకకపోతే "అంటే", "మరి" లాంటి ఊతపదాలు తీసేయవచ్చు. "కనపడతది"ని మాత్రం "కనిపిస్తుంది" అని దిద్దకూడదు. వినేవాళ్లకు ఆయన యాస అందుతున్నప్పుడు, చదివేవాళ్లకు పుస్తకాల భాష అందించడం న్యాయం కాదు.

మాటలు కాని శబ్దాలకూ క్యాప్షను కావాలి. అన్నిటికీ అక్కర్లేదు, అర్థం మోసేవాటికే. మగ్గం ఆడుతున్నంతసేపూ "మగ్గం చప్పుడు" అని రాస్తూ కూర్చోనక్కర్లేదు, మొదట ఒకసారి చాలు. కానీ పని దొరకని రోజుల గురించి చెప్పడానికి ఆయన చటుక్కున ఆగిపోతాడే, అప్పుడు గదిలో పడిన నిశ్శబ్దం వినేవాళ్లకు గుండెలో తగులుతుంది. వినపడనివాళ్లకు అక్కడ ఏమీ జరగలేదు. బ్రాకెట్లలో "మగ్గం ఆగింది" అన్న రెండు మాటలు ఆ తేడాను పూడుస్తాయి. అలాగే లోపలి గదిలోంచి భార్య ఏదో అంటే, ఆ మాట ముందు "లోపలి నుంచి భార్య" అని ఉండాలి. లేకపోతే తెర మీదున్న ఆయనే అన్నాడనుకుంటారు.

తెలుగు ఎడిటర్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్ల లాంటివి యూనికోడ్ కావు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే అవి తెలుగులా కనిపిస్తాయి. వాటితో టైపు చేసిన మాటను ఎస్ఆర్‌టీ ఫైలులో పెట్టి యూట్యూబుకు ఎక్కిస్తే పిచ్చిగీతలు వస్తాయి. ఆ ఫైలు యూనికోడులో టైపు చేసి, యూటీఎఫ్-8గా భద్రపరచాలి. ఎడిటింగు సాఫ్ట్‌వేరులో నేరుగా అక్షరాలు వేసేటప్పుడూ జాగ్రత్త పడాలి. అడోబీ ప్రీమియరులో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సుల కింద దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిను ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. మగ్గం కాస్తా "మగ్‌గం" అవుతుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే "మగ్గం, కష్టం, స్త్రీ" అని మూడు మాటలు కొట్టి చూసుకుంటే, క్యాప్షన్లన్నీ వేశాక తిరిగి వేసే బాధ తప్పుతుంది.

ఇప్పుడు రంగు. క్యాప్షన్లు సాధారణంగా తెల్లగా, తెర అడుగున ఉంటాయి. మన వీడియోలో తెర అడుగున ఉన్నదేమో తెల్లటి పడుగు. ఎడిటరుకు అవి కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే అక్కడేముందో అతనికి తెలుసు. ఈ తేడాను కొలవడానికి వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ ఒక నిష్పత్తి ఇచ్చింది. నలుపు మీద తెలుపు 21కి 1. ఒకే రంగు మీద అదే రంగు 1కి 1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5, బాగా పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలి. ఈ నిష్పత్తిని లెక్కగట్టే పరికరాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెర మీది రెండు రంగుల సంఖ్యలు ఇస్తే చాలు.

తెల్లక్షరాల వెనక నల్లపెట్టె పెట్టడం అందరికీ తెలిసిన ఉపాయమే. కానీ చాలామంది అందం చెడుతుందని దాన్ని సగానికి సగం పారదర్శకంగా ఉంచుతారు. వెనక చీకటిగా ఉన్నప్పుడు అది బాగానే ఉంటుంది. వెనక తెల్లటి నూలు వచ్చినప్పుడు ఆ పెట్టె మధ్యస్థమైన బూడిద రంగుకు తిరుగుతుంది, నిష్పత్తి 4 కూడా దాటదు. అదే పెట్టెలో నలుపును మూడొంతులకు పెంచితే, తెల్లటి నూలు మీద కూడా నిష్పత్తి 10 దాటిపోతుంది. కంటికి చిన్న మార్పే. చూపు మందగించిన పెద్దవాళ్లకు మాత్రం చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య దూరం అది. వీడియోలో అన్నిటికన్నా తెల్లటి ఫ్రేము ఏదో వెతికి, అక్కడ కొలవాలి. సగటు ఫ్రేము దగ్గర కొలిచి లాభం లేదు.

టీవీ వార్తల నుంచి అలవాటైన ఎర్రపట్టీ గురించి కూడా ఒక మాట. నిండైన ఎరుపు మీద తెలుపు నిష్పత్తి 4, పసుపు అయితే 3.7. పెద్ద శీర్షికకు సరిపోతుంది, చిన్న అక్షరాలకు సరిపోదు. ఎరుపు మీద ఆకుపచ్చ అయితే 3 కూడా రాదు, పైగా ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకు రెండూ ఒకలాగే అనిపించవచ్చు. ఎరుపును కాస్త ముదురు చేసి మెరూన్ వైపు తీసుకెళితే తెల్లక్షరాలు తేలుతాయి.

అక్షరం సైజుకు వస్తే, బీబీసీ నియమంలో ఒక వరస ఎత్తు తెర ఎత్తులో 8 శాతం. 1080 పిక్సెళ్ల ఎత్తున్న వీడియోలో అది సుమారు 86 పిక్సెళ్లు. పెద్ద మానిటరు ముందు కూర్చున్న ఎడిటరుకు ఇది మరీ మోటుగా అనిపించి, సగానికి తగ్గించేస్తాడు. ఫోనులో ఏమవుతుందో చూద్దాం. ఫోనును నిలువుగా పట్టుకుని అడ్డం వీడియో చూస్తే, వీడియో వెడల్పు దాదాపు ఏడు సెంటీమీటర్లు, ఎత్తు నాలుగులోపు. అందులో 8 శాతమంటే మూడు మిల్లీమీటర్లు. సగం చేస్తే ఒకటిన్నర మిల్లీమీటర్లు. అందులోనే పైన గుడి, కింద ఒత్తు, వరసల మధ్య సందు అన్నీ ఇమడాలి. ఇక అసలు అక్షరానికి మిగిలేది మిల్లీమీటరు కూడా కాదు. ఇంగ్లీషు నియమాల్లోని వరసల దూరం కూడా మనకు చాలదు. పై వరస ఒత్తు వచ్చి కింది వరస గుడిని తగులుతుంది. "కష్టం" కింద "నీళ్లు" వచ్చేలా రెండు వరసలు వేసి చూస్తే తగులుతున్నదీ లేనిదీ వెంటనే తెలుస్తుంది.

చోటుకూ ఒక హద్దుంది. యూరోపియన్ ప్రసార సంఘం లెక్కలో అక్షరాలు అంచుల నుంచి 5 శాతం లోపలికి ఉండాలి. ఫుల్ హెచ్‌డీలో పక్కల 96 పిక్సెళ్లు, పైనా కిందా 54. నిలువు వీడియోలకు ఇదీ చాలదు. అడుగున పేరు, వివరణ, కుడిపక్క లైకు బొత్తాలు వచ్చి కూర్చుంటాయి కాబట్టి క్యాప్షనును ఇంకా పైకి, కొంచెం ఎడమకు జరపాలి.

ఇంతవరకూ చెప్పుకున్నవి తప్పితే చూసేవాడికి వీడియో అందదు. ఇప్పుడు చెప్పబోయేది తప్పితే చూసేవాడికి హాని జరుగుతుంది.

1997 డిసెంబరు 16, మంగళవారం సాయంత్రం ఆరున్నరకు జపాన్‌లో టీవీ టోక్యో ఎప్పటిలాగే పోకెమాన్ కార్టూన్ ప్రసారం చేసింది. కథలో పాత్రలు కంప్యూటరు లోపలికి వెళతాయి. వాళ్ల మీదికి క్షిపణులు వస్తాయి. పికాచు మెరుపు వాటిని తాకుతుంది. ఆ పేలుడును చూపించడానికి తెర నిండా ఎరుపు, నీలం సెకనుకు దాదాపు 12 సార్లు మారేలా చేశారు. అది కొన్ని సెకన్లే సాగింది. ఆ రాత్రి 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్లారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. కొందరికి మూర్ఛ వచ్చింది, కొందరికి తల తిరిగింది, వాంతులయ్యాయి. అంతకుముందెన్నడూ మూర్ఛ రాని పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. వార్తల్లో అదే దృశ్యాన్ని మళ్లీ చూపించడంతో ఇంకొందరికి ఆ లక్షణాలు కనిపించాయి. ఆ కార్యక్రమాన్ని నాలుగు నెలలు ఆపేశారు, ఆ భాగాన్ని మళ్లీ ఎన్నడూ ప్రసారం చేయలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మెరుపులు వేసినవాళ్లు కొత్త ప్రయోగమేమీ చేయలేదు. అలా వేగంగా మెరిపించడం జపాన్ కార్టూన్లలో అప్పటికే అలవాటైన పద్ధతి. తయారుచేసినవాళ్లు ఆ దృశ్యాన్ని చూసే ఉంటారు, అందులో ప్రమాదం వాళ్లకు కనిపించలేదు. ఎడిటరు కన్ను ఇక్కడ పూర్తిగా పనికిరాదు. మూర్ఛ ఉన్నవాళ్లలో కాంతి వల్ల వచ్చే రకం ఉన్నది నూటికి ముగ్గురికే. అది ఉన్నట్టు చాలామందికి మొదటిసారి వచ్చేదాకా తెలియదు. బ్రిటన్‌లో 1993లోనే ఒక టీవీ ప్రకటన వల్ల ఇలా జరిగాక నియమాలు వచ్చాయి. అయినా 2007 జూన్‌లో లండన్ ఒలింపిక్స్ చిహ్నంతో పాటు విడుదలైన యానిమేషన్‌లో, ఈతగాడు కొలనులోకి దూకే దృశ్యం కొందరికి మూర్ఛ తెప్పించిందన్న ఫిర్యాదులు రావడంతో దాన్ని వెబ్‌సైటు నుంచి తీసేయాల్సి వచ్చింది.

నియమం క్లుప్తంగా ఇది: ఏ ఒక్క సెకనులోనూ మూడుకు మించి మెరుపులు ఉండకూడదు. మెరుపంటే వెలుగు పెరిగి తగ్గడం, లేదా తగ్గి పెరగడం. తెరలో సుమారు నాలుగో వంతుకన్నా చిన్న చోట మెరిస్తే ప్రమాదం తక్కువ. నిండు ఎరుపు విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. వెలుగు పెద్దగా మారకపోయినా ఎరుపు వచ్చి పోవడాన్ని మెరుపుగానే లెక్కించాలి.

మన మంగళగిరి వీడియో పరిచయ దృశ్యానికి దీన్ని పెట్టి చూద్దాం. సంగీతం నిమిషానికి 150 దెబ్బలు. దెబ్బకు ఒక తెల్లమెరుపు వేస్తే సెకనుకు రెండున్నర, హద్దులోనే ఉంది. ఉత్సాహం చాలలేదని ఎడిటరు అరదెబ్బకు ఒకటి వేస్తే సెకనుకు ఐదు. హద్దు దాటింది. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ప్రతి ఐదు ఫ్రేములకు ఒక మెరుపు పడుతోందన్నమాట. తెల్లమెరుపులు తీసేస్తే సరిపోతుందా? ఇంకో చోటు చూడాలి. గుంటలోని చీకటి దృశ్యం, పెరట్లో ఎండలో ఆరుతున్న తెల్లనూలు దృశ్యం మార్చి మార్చి వేస్తే, ఆ కోతలే మెరుపులవుతాయి. చీకటి నుంచి వెలుగుకు, మళ్లీ చీకటికి, అంటే రెండు కోతలకు ఒక మెరుపు. సెకనుకు ఐదు కోతలైతే రెండున్నర మెరుపులు, హద్దుకు కాస్త లోపల. మధ్యలో ఒక్క తెల్లమెరుపు పడినా దాటిపోతుంది.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. అనుమానం ఉన్న చోట బాణం మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేము జరుపుతూ, 25 ఫ్రేములలో ఎన్ని మెరుపులో లెక్కపెడితే చాలు. ఒకచోట మొదలుపెట్టి లెక్కపెట్టాక, మూడు నాలుగు ఫ్రేములు జరిపి మళ్లీ లెక్కపెట్టాలి, ఎందుకంటే నియమం ఏ సెకనుకైనా వర్తిస్తుంది. వీడియో పొడుగైతే అమెరికాలోని ట్రేస్ సెంటర్ తయారుచేసిన పీట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఈ పని చేసిపెడుతుంది. బ్రిటన్ టీవీ సంస్థలు ప్రొఫెసర్ గ్రాహం హార్డింగ్ పేరు మీదున్న పరీక్ష వాడతాయి.

దిద్దుబాటు కష్టం కాదు. కోతలు అలాగే ఉంచి, దృశ్యాల వెలుగును దగ్గరికి తేవచ్చు: చీకటిని ఎత్తి, తెల్లనూలును దించి రెంటి మధ్య తేడాను తగినంత తగ్గిస్తే మెరుపు మెరుపుగా లెక్కకు రాదు. లేదా చీకటి దృశ్యాలన్నీ ఒకచోట, వెలుగు దృశ్యాలన్నీ ఒకచోట వరసగా పెట్టవచ్చు. సంగీతం వేగం ఏమీ తగ్గదు. పెళ్లి వీడియోల్లో సంగీత్ వేదిక మీది స్ట్రోబ్ లైట్లూ, విలేకరుల సమావేశంలో ఒక్కసారిగా పేలే కెమెరా ఫ్లాషులూ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటిని నెమ్మది చేయాలి, లేదా ఆ సమయంలో చూస్తున్న జనాల ముఖాల మీదికి కోయాలి. మొదట్లో ఒక హెచ్చరిక వేసి ఊరుకోవడం సరికాదు. ఫోనులో వీడియోలు వాటంతటవే ఆడతాయి, హెచ్చరిక చదివేలోపే మెరుపు వచ్చేస్తుంది. ఇది వింటున్నవారిలో ఎవరికైనా తెర మెరుపులకు తేడాగా అనిపిస్తే, ఒక కన్నును అరచేత్తో పూర్తిగా మూసి, తల పక్కకు తిప్పుకోవాలి. రెండు కళ్లూ మూసుకుంటే మాత్రం రెప్పల గుండా వెలుగు పోతూనే ఉంటుంది.

ఇవన్నీ ఏ వరసలో చేయాలన్నదీ ముఖ్యమే. మెరుపుల లెక్క ఎడిట్ ఖరారు కాకముందే చూసుకోవాలి, ఆ తర్వాత అయితే సంగీతం దగ్గర నుంచీ అన్నీ కదపాల్సి వస్తుంది. క్యాప్షన్లు ఎడిట్ ఖరారయ్యాకే వేయాలి, లేకపోతే ఒక్క కోత మారినా ఆ తర్వాతి సమయాలన్నీ జరిగిపోతాయి. చివరికి రెండు కాపీలు తీయడం మంచిది. యూట్యూబుకు క్యాప్షన్లు లేని వీడియో, విడిగా ఎస్ఆర్‌టీ ఫైలు. అప్పుడు చూసేవాళ్లు అక్షరాలను తమకు కావలసినంత పెద్దవి చేసుకోగలరు. వాట్సాప్‌లో చేతులు మారే కాపీకి మాత్రం క్యాప్షన్లు వీడియోలోనే అచ్చువేయాలి, అక్కడ విడి ఫైలు వెంట రాదు. ఆ రెండో కాపీని పంపాక, తక్కువ రకం ఫోనులో ఒకసారి తెరిచి చూడాలి. వీడియోను కుదించినప్పుడు వెలుగు వివరం కన్నా రంగు వివరం ఎక్కువ పోతుంది. అందుకే నలుపు మీద ఎర్రటి అక్షరాలు అంచులు చెదిరి కనిపిస్తాయి, తెల్లవి నిలబడతాయి. అలా చెదిరితే ఎడిటింగు బల్ల దగ్గరికి తిరిగి వెళ్లి ఆ అక్షరాల రంగు మార్చి మళ్లీ తీయాలి.